‘నవ్వి’ తర్వాత కామా

1985 నవంబరు 11

నాగమణికి పదిహేనుకి రెండు మార్కులు.

బి.ఏ. రెండో సంవత్సరం అర్ధ సంవత్సర పరీక్ష పేపర్లు ఈసారి మా హెడ్ జగ్గారావు గారే దిద్దారు. సాయంత్రం ఆ పిల్ల పేపరు మడిచి పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. "మేడమండీ, మీరు చెప్పిందే రాసేనండి" అంది. నిష్ఠూరంగా అనలేదు. నాకు తెలియాలని అంది, అంతే.

‘ఇల్లాలు’ పద్యం మీద ప్రశ్న అది. "ఇందులోని గృహిణి ఆదర్శాన్ని వివరించండి." నాగమణి ఇలా రాసింది: "ఈ పద్యంలో ఆదర్శం లేదు, పని ఉంది. పని పూర్తి కాలేదు కనకనే వాక్యం కూడా పూర్తి కాలేదు." పక్కన ఎర్ర పెన్సిలుతో: "పాఠంలో లేదు."

వాళ్ళమ్మ పి.గన్నవరంలో కొబ్బరి పీచు పని చేస్తుంది. నాగమణికి తెలుగు ఎం.ఏ. చదవాలని ఉంది. ఆ మాట నాకు తప్ప ఎవరికీ చెప్పలేదట. ఈ మార్కులు ఏడాది చివర లెక్కలోకి వస్తాయి.

రేపు జగ్గారావు గారితో మాట్లాడతాను. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు.

నవంబరు 12

పద్యాన్ని ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను. కళ్ళ ముందు ఉండాలి.

లేచి,
వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి,
పొయ్యిలో బూడిద ఎత్తి, మంట రాజేసి,
పాలు కాచి, అందరికీ ఇచ్చి,
బియ్యంలో రాళ్ళు ఏరి, ఏరినవి లెక్కపెట్టి,
వందదాకా మరిచిపోనందుకు సంతోషించి,
అన్నం వార్చి, పిల్లలకు పెట్టి, ఆయనకు వడ్డించి,
బెల్లం పొట్లం విప్పి, కాగితం దులిపి,
చదివి, మడిచి, దూలం సందున దాచి,
అంట్లు తోమి, బట్టలు ఉతికి, ఆరేసి, తీసి,
దీపం పెట్టి, పక్కలు పరిచి,
‘రోజంతా ఇంట్లో ఏం చేస్తావు?’ అన్నారు ఆయన.
నవ్వినది.

రాసినావిడ పేరు లేదు. పాఠ్యపుస్తకంలో ‘అజ్ఞాత కవయిత్రి’ అని మాత్రం వేశారు.

జగ్గారావు గారు ముప్పై ఏళ్ళుగా ఈ పద్యాన్ని ఒకే తీరున చెబుతున్నారు. అలుపెరగని సేవ, చివర్న అలకలేని చిరునవ్వు, దాంపత్య సౌమ్యతకు అదే పరాకాష్ఠ. నేను కిందటి వేసవిలో వాల్తేరులో రిఫ్రెషర్ కోర్సుకి వెళ్ళి ‘స్త్రీవాద విమర్శ’ అనే మాట విని వచ్చాను. అక్కడ నేర్పింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి పనికి పేరుంది, ఎవరి పనికి లేదు, ఏ మాట చెప్పకుండా వదిలేశారు అని అడగమన్నారు. ఆ ప్రశ్నలతో చూస్తే ఈ పద్యం నాకు వేరేగా కనిపించింది. పాతిక పనులు వరసగా వస్తాయి. అన్నీ అసమాపక క్రియలే. చేసి, చేసి, చేసి. కర్త ఎక్కడా లేదు. పాతిక పనులు చేసిన మనిషికి ‘నేను’ అనే తీరిక లేదు. పూర్తయిన క్రియ ఆయనది: ‘అన్నారు’. ఆమెను కర్తగా నిలబెట్టిన పూర్తి క్రియ మరొకటుంది. అదీ ఆయన నోటనే: ‘ఏం చేస్తావు?’

ఇదంతా ఆయనకి చెప్పాను. మర్యాదగానే విన్నారు.

"ఆయ్, వినడానికి బాగానే ఉందండి సుందరి గారూ. కాని చివర్న సమాపక క్రియ ఉంది కదండీ. నవ్వినది. వాక్యం పూర్తయిపోయింది. ఆ పిల్లేమో పూర్తి కాలేదని రాసింది. పుస్తకంలో లేని అసంపూర్తికి నేను మార్కులెలా వేస్తానండీ?"

ఆయన చెప్పింది నిజం. నేను క్లాసులో ఆ ఆఖరి మాటని దాటేసి చెప్పాను.

నవంబరు 13

నవ్వినది. నవ్వినది. నవ్వినది.

నవంబరు 17, ఆదివారం

గుడిలో బైబిలు వాక్యం చదువుతుంటే తట్టింది.

పద్యంలో ‘అన్నారు’ అని ఉంది. ‘అనిరి’ అని లేదు. అన్ని మాటలూ ఇంట్లో మాట్లాడుకునేవే. ఆ ఒక్క ‘నవ్వినది’ మాత్రం గ్రంథం లోంచి వచ్చినట్టుంది. ఇంత వాడుక తెలుగు రాసిన మనిషి ఆఖరి మాట దగ్గర ఎందుకు మారిపోయింది? ఆవిడ మారలేదేమో. ఎవరో మార్చారేమో.

పాఠ్యపుస్తకం వెనక చిన్న అక్షరాల్లో ఉంది, 1951లో ఒక మాసపత్రిక నుంచి తీసుకున్నారట. పాత పత్రికలు కొత్తపేట లైబ్రరీలో కట్టలు కట్టి ఉంచుతారు. శనివారం వెళతాను.

పొద్దున్నించీ ఇదే ధ్యాస. కాఫీ చల్లారిపోతే అత్తయ్యగారు మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చారు. కువైట్ నుంచి మావారి ఉత్తరం వచ్చింది. "నీ పద్యం గొడవ ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు. నా పనిని పనిగా చూసే మనిషి. పద్యంలో ఆవిడ అవస్థ మా ఇంట్లో లేదు. అందుకే కాబోలు ఇంత స్పష్టంగా చూడగలుగుతున్నాను.

నవంబరు 23, శనివారం

దొరికింది.

కొత్తపేట బస్సు దిగేసరికి పదిన్నర. లైబ్రేరియన్ గారు మూడు కట్టలు దింపి, దుమ్ము తుడుచుకోవడానికి గుడ్డ కూడా ఇచ్చారు. రెండో కట్టలో, ఆగస్టు సంచికలో, ఊరగాయల పేజీకి ఎదుటి పేజీ.

పేరు ‘ఇల్లాలు’ కాదు. ‘రోజు’.

కింద సంతకం ‘ఒక గృహిణి’. చివరి పంక్తి ఇదీ:

నవ్వి,

అంతే. కామా. ఆ తర్వాత ఖాళీ.

చాలాసేపు దానికేసే చూస్తూ కూర్చున్నాను. పాఠ్యపుస్తకం వాళ్ళు కామా తీసేసి ‘నవ్వినది’ అని సరిచేశారు. అచ్చుతప్పు అనుకున్నారో, అలా ఆగడం బాగోలేదనుకున్నారో. ఒక్క మాటతో రెండు పనులు జరిగాయి. వాక్యం ముగిసింది, ఆమె మెత్తగా నవ్వి ఊరుకున్నట్టయింది. రెండోది ఇంకా పెద్దది. ‘నవ్వి’ అంటే నవ్వింది నేనో ఆమో తెలియదు, ఆవిడే తన సంగతి చెప్పుకుంటూ ఉండొచ్చు. ‘నవ్వినది’ అన్నాక ఇక ‘నేను’ అయ్యే వీల్లేదు. బయట నిలబడి ఎవరో ఆమెను చూస్తున్నారు. ఆవిడ గొంతు తీసేసి ఆవిడ బొమ్మ పెట్టారు.

నవ్వి, ఏం చేసింది? ఏమంది? ఆ ఖాళీలో ఏముందో నేను చెప్పకూడదు. అక్కడ ఖాళీ ఉందని మాత్రమే చెప్పాలి. కోపమని నేను నింపితే, ఓర్పు అని నింపినవాళ్ళకీ నాకూ తేడా ఉండదు.

పేజీ మొత్తం చేత్తో ఎత్తి రాసుకుని, లైబ్రేరియన్ గారి చేత సంతకం పెట్టించుకున్నాను.

నవంబరు 25

జగ్గారావు గారు ఆ కాగితాన్ని కళ్ళద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివారు.

"డిసెంబరు పదిహేనున మన సాహితీ మండలి సభ ఉంది కదండీ. మీరు పత్రం చదవండి. నేను అధ్యక్షత వహిస్తాను. నా మాట నేనూ చెప్తాను. నలుగురిలో తేల్చుకుందాం."

"నాగమణి మార్కులండీ?"

"అదీ అప్పుడే."

డిసెంబరు 1, ఆదివారం

పత్రం దాదాపు పూర్తయింది. మధ్యాహ్నం గట్టిగా చదువుకుంటున్నాను. వరండాలో అత్తయ్యగారు చింతపండు గింజలు తీస్తున్నారు. మిషన్ బోర్డింగులో ఎనిమిదో తరగతిదాకా చదివారు ఎలీసమ్మ గారు. పద్యం అయ్యేదాకా చెయ్యి ఆపి విన్నారు.

"ముగ్గులూ కళ్ళాపీ మనకి లేవు గాని, తక్కినవన్నీ ఉన్నాయమ్మాయ్" అన్నారు. "ఇంతకీ ఆవిడ తినలేదు."

"ఏంటండీ?"

"పిల్లలకి పెట్టింది, ఆయనకి వడ్డించింది. తను తిన్నట్టు లేదుగా. వడ్డించి, వెంటనే బెల్లం పొట్లం విప్పింది. తినే టైములో చదివింది. ఇంకో టైమెక్కడిదీ?"

నేను పద్యం తీసి చూశాను. వడ్డించి. విప్పి. రెండింటికీ మధ్య తిండి ఉండాల్సిన చోట కాగితం ఉంది. ఆరేళ్ళుగా ఈ పద్యం చెబుతున్నాను. అసమాపక క్రియలన్నీ లెక్కపెట్టాను. లేని క్రియని లెక్కపెట్టలేదు.

ఇదే పత్రానికి ప్రాణం. ఆమె కోరిక ఏమిటో పద్యం పేరు పెట్టి చెప్పదు. రాళ్ళతో అంకెలు వల్లె వేసుకోవడం, పొట్లం కాగితం దాచుకోవడం, ఆ రెంటిలోనే ఉంది. ఆ చదువుకి ఆమె ఇచ్చిన వెల ఏమిటో ఇప్పుడు తెలిసింది.

"మీకెలా తెలిసిందండీ?" అన్నాను.

"తెలుస్తుంది" అని చింతపండు దగ్గరికి తీసుకున్నారు.

డిసెంబరు 2

మూడో పేజీ అంతా మళ్ళీ రాశాను. చాలా బాగా వచ్చింది.

డిసెంబరు 15, ఆదివారం

సభ బాగా జరిగింది. చాలా బాగా జరిగింది.

అమలాపురం రీడింగు రూములో నలభై మందికి పైగా వచ్చారు. ఆడవాళ్ళు పదకొండు మంది. మూడో వరసలో అత్తయ్యగారు, ఒళ్ళో మా పాప. వెనక గోడకి ఆనుకుని నాగమణి. ముందు జగ్గారావు గారు తన పాత వ్యాఖ్యానం చెప్పారు, ఎప్పటిలాగే శ్రావ్యంగా. తర్వాత నేను. కొత్తపేట కాగితం చూపించి, కామా దగ్గర ఆగి, అందరినీ చూశాను. ఒకాయన "అచ్చుతప్పేమోనమ్మా" అన్నారు. "ఆవిడ పనులన్నీ అసమాపకంలో నడిచాక చివరిదొక్కటే తప్పెలా అవుతుందండీ? అది ఆవిడ నియమం" అన్నాను. ఇంకెవరూ లేవలేదు.

ఆఖర్న చెప్పాను. "ఆమె తినలేదు. తినే వేళలో చదివింది." తర్వాత చప్పట్లు.

ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు లేచి, "ఆ తిండి మాట మీకెలా తట్టిందమ్మా?" అని అడిగారు.

"పద్యాన్ని పదేపదే చదివితే తట్టిందండి" అన్నాను.

రాజమండ్రి నుంచి వచ్చిన ఒక త్రైమాసిక పత్రిక సంపాదకులు పత్రం తమకే ఇమ్మన్నారు. జనవరి మొదటి వారంలోగా కావాలట.

డిసెంబరు 16

నలుగురి ముందు ఇంట్లో మాటలు చెబితే పత్రం తేలికైపోతుంది. విమర్శకి వాచకమే ప్రమాణం. ఆ మాట వాచకంలో ఉంది. నేను చెప్పినా, ఇంకెవరు చెప్పినా అది వాచకంలోదే.

డిసెంబరు 17

అత్తయ్యగారు వండారు, వడ్డించారు. మాట్లాడలేదు.

డిసెంబరు 18

తలనొప్పేమో.

డిసెంబరు 19

జగ్గారావు గారు నాగమణి పేపరు తెప్పించుకుని రెండు కొట్టేసి పన్నెండు వేశారు. పక్కన పొట్టి సంతకం. ఆ పిల్లని పిలిచి ఎదురుగా నిలబెట్టి చెప్పారు.

"ప్రశ్నే నేను తప్పు వేసేనమ్మా. ఆదర్శం వివరించమని అడిగితే, ఆదర్శం ఉందని నేనే ముందు చెప్పేసినట్టు కదా. నువ్వు దాన్ని కాదన్నావు. కాదనాలంటే చదవాలి."

"ఆయ్, థాంక్సండి" అంది నాగమణి. వెళ్ళబోతూ ఆగింది. "ఒక్క మాటండి. మా అమ్మ ఈ పద్యం వింటే, ఈవిడకి పగలంతా ఇంట్లోనే ఉండే వీలుంది కదా అంటదండి. మా అమ్మ ఇవన్నీ చేసి పీచు పనికెళ్తదండి."

ఆయన నాకేసి చూశారు. నేను రాసుకున్నాను. పత్రంలో ‘స్త్రీ’ అని రాసినచోట్ల ‘ఈ ఇంటి స్త్రీ’ అని మార్చాలి.

నాగమణి వెళ్ళాక జగ్గారావు గారు తన పాఠ్యపుస్తకం తెరిచి ‘నవ్వినది’ మీద గీత పెట్టి, పైన ‘నవ్వి,’ అని రాసుకున్నారు. ఆయన మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

"కాని ఆ తినడం మాటండి, ముప్పై ఏళ్ళలో నాకు తట్టలేదు. మా ఆవిడకి చెప్తే ఇప్పుడు తెలిసిందా అంది. మీకు ఎప్పుడు తట్టిందండీ?"

"మా అత్తయ్యగారు చెప్పేరండి."

ఆయన పుస్తకం మూశారు. "మరి సభలో ఆ ముక్క అన్లేదేమండీ?"

డిసెంబరు 20

ఏమని చెప్పను? ఒక ఆవిడ రాసిన మాట తీసేసి, తమ మాట పెట్టి, పేరు లేకుండా అచ్చేశారని నలభై మంది ముందు నిలబడి చెప్పాను. అదే గంటలో, అదే హాలులో, ఇంకో ఆవిడ మాట తీసుకుని పేరు లేకుండా చెప్పాను.

ఆవిడ మూడో వరసలో ఉన్నారు.

డిసెంబరు 22, ఆదివారం

గుడి నుంచి వచ్చాక వంట నేను చేస్తానన్నాను. అన్నం అడుగంటింది. పప్పు బాగానే ఉంది. అత్తయ్యగారికి ముందు వడ్డించాను.

"ఏంటిది కొత్తగా?" అన్నారు.

"తప్పయిపోయిందండి, అత్తయ్యగారూ."

"అన్నమా?"

"సభలో. మీ పేరు చెప్పలేదు."

ఆవిడ కాస్త పప్పు కలుపుకున్నారు. తినలేదు.

"చెప్తావేమోనని చూసేనమ్మాయ్. ఆ పెద్దాయన అడిగినప్పుడు నువ్వు నాకేసి చూసేవు. చూసి కూడా చెప్పలేదు. అదే నాకు మింగుడు పడలేదు."

నేను చూసిన సంగతి డైరీలో రాసుకోలేదు. నిజమే. చూశాను.

అప్పుడు చెప్పారు. నేను ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు, ఎప్పుడూ వినలేదు. ఎనిమిదో తరగతి పాసయ్యాక రాజమండ్రిలో టీచరు ట్రైనింగుకి సీటు వచ్చిందట. ఆ నెలలోనే పెళ్ళి. కాలం చేసిన మా మావయ్యగారు సత్యానందం గారు రాజోలు దగ్గర ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. మంచివారని ఊరంతా చెప్పుకుంటారు. నేనూ ఇన్నాళ్ళూ అదే చెబుతున్నాను.

"మంచాయనే. కాదన్ను. కాని పాఠాల నోట్సు రాయడమంటే ఆయనకి బద్ధకం. మధ్యాహ్నం పూట ఆయన పుస్తకాలు నేను చదివేదాన్ని. చదివినదాన్ని ఊరుకోలేక నోట్సు రాసేదాన్ని. పిల్లలకి ఏ లెక్క ఎలా చెప్తే అర్థమవుతుందో, చింతగింజలతో, తాటాకులతో, అన్నీ రాసిచ్చేదాన్ని. ఆయన నా అక్షరాల మీద తన అక్షరాలు దిద్దుకుని పట్టుకెళ్ళేవారు. ఓసారి ఇన్‌స్పెక్టరు గారు స్కూలుకొచ్చి ఆ నోట్సు చూసి, ఇలాంటి మేష్టారు తాలూకాలో లేరన్నారు. నేను ఆ వేళ క్యారేజీ పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను."

"మావయ్యగారేమన్నారండీ?"

"నాకేసి చూసేరు. చూసి ఊరుకున్నారు."

కలిపిన ముద్ద పళ్ళెం అంచుకి జరిపి అన్నారు, "నువ్వూ అలాగే చూసేవు."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఏడుపు వచ్చింది గాని ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చే పని కూడా ఆవిడ మీదే పడుతుంది.

"పత్రం అచ్చవుతుందండి. అందులో సరిచేస్తాను" అన్నాను.

"చూద్దాంలే" అని తినడం మొదలుపెట్టారు. అడుగంటిన అన్నం పక్కకి తీసేశారు.

డిసెంబరు 26

నిన్న పండుగ. గుడి, చుట్టాలు. పిండివంటలు ఇద్దరం చేశాం. ఇద్దరం అని రాస్తున్నాను గాని నేను చేసింది నాలుగో వంతు.

ఈ ఉదయం లేచి నా పన్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. ఈ తొమ్మిదేళ్ళలో ఈ ఇంట్లో నేను రోజూ చేసినవి. మూడు వచ్చాయి. తర్వాత ఆవిడవి రాయడం మొదలుపెట్టాను. పందొమ్మిది దగ్గర పాప పిలిచింది.

పద్యంలో ‘ఆయన’ అంటే మగవాడనే అనుకున్నాను. ‘ఆయన’ చోట నిలబడడానికి మగవాడే కానక్కర్లేదు. ఎవరి పని మీద కూర్చుని రాస్తున్నామో చూడకపోతే చాలు. ఈ మాట పత్రంలో ఉండాలి. రాయడం నాకు కష్టం. కనకనే ఉండాలి.

ఇకమీదట పొద్దుటి వంట నాది. మావారికి కూడా రాశాను, ఎందుకో వివరంగా.

1986 జనవరి 2

వారం రోజులుగా పొద్దుటి వంట నాది. అత్తయ్యగారు వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఉప్పు ఎక్కువైనా ఏమీ అనడం లేదు. లోపలికి వచ్చి సాయం చెయ్యడం కూడా లేదు.

జనవరి 4

పత్రం తిరగరాయడం అయిపోయింది. పోయినసారి కంటే మంచి పత్రం. అంత నమ్మకంగా చెప్పగలను. కొత్తపేట లైబ్రరీ సంచిక వివరాలు ఇచ్చాను. నాగమణి అన్న మాట నాగమణి పేరుతోనే ఇచ్చాను. మూడో పేజీలో ఇలా రాశాను: "ఆమె తినే వేళలో చదివిందన్న పరిశీలన నాది కాదు. శ్రీమతి పెయ్యల ఎలీసమ్మ గారిది. సభలో నేను ఆ సంగతి చెప్పలేదు. అది నా తప్పు."

సాయంత్రం వరండాలో అత్తయ్యగారికి ఆ వాక్యం చదివి వినిపించాను.

"ఇంకోసారి చదువు" అన్నారు.

చదివాను.

"శ్రీమతి తీసెయ్యి. పెయ్యల కూడా తీసెయ్యి. నేలపూడి ఎలీసమ్మ అని వెయ్యి."

నేలపూడి ఆవిడ పుట్టింటి పేరు. ఎందుకని నా ముఖంలో కనిపించి ఉంటుంది.

"చదువుకున్నది ఆ పేరు మీదే గదమ్మాయ్."

కొట్టేసి రాశాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం దగ్గరికి లాక్కుని, తన పేరు అక్షరం అక్షరం చూసుకున్నారు. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఇప్పుడు మొత్తం చదువు మొదట్నించీ. ఎక్కడన్నా తేడాగా ఉంటే చెప్తాను."

మొదలుపెట్టాను. నాలుగో వాక్యం దగ్గరే ఆపించారు.